అక్షరం ప్రెస్సుకు క్షేమంగా చేరాలంటే

ఇంట్లో కంప్యూటర్ మీద చూసుకున్నప్పుడు పెళ్లి కార్డులో పేర్లన్నీ చక్కగా ఉంటాయి. అదే ఫైలును ప్రెస్సు వాళ్లు తెరిస్తే పెళ్లికూతురి పేరున్న చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, గీతలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఒక్కోసారి అంత స్పష్టంగా కూడా బయటపడదు. పేజీ అంతా బాగానే ఉండి, ఒక్క ప్రకటనలో మాత్రం వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ప్లేటు కట్ అయి వెయ్యి కాపీలు అచ్చయ్యాక గానీ అది ఎవరి కంటా పడదు.

సీసపు అక్షరాల రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. రచయిత రాతప్రతి ఇచ్చేవాడు, కంపోజింగ్ ప్రెస్సులోనే జరిగేది. ఏ అక్షరాలతో కూర్చారో ఆ అక్షరాలతోనే అచ్చు పడేది. ఇప్పుడు కూర్చేది ఒక ఊళ్లో, అచ్చు వేసేది మరో ఊళ్లో. హైదరాబాదులో డీటీపీ చేసిన పుస్తకం విజయవాడలో అచ్చవుతుంది, రాజమండ్రిలో డిజైన్ చేసిన క్యాలెండర్ శివకాశి వెళుతుంది. శివకాశిలో ప్లేటు వేసే మనిషికి తెలుగు చదవడం రాకపోవచ్చు. తెర మీద 'శ్రీ' ఉందో, దాని స్థానంలో ఇంకేదో పడిందో అతను పోల్చుకుంటాడని ఆశించలేం. కాబట్టి అక్షరాలు చెక్కుచెదరకుండా చేరే పూచీ మొత్తం ఫైలు పంపేవాళ్ల మీదే ఉంటుంది.

అందుకు దారులు రెండు. ఒకటి ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదిగి పంపడం, దీన్నే ఎంబెడ్ చేయడం అంటారు. రెండోది అక్షరాలను అక్షరాలుగా ఉంచకుండా బొమ్మగీతలుగా మార్చేయడం. ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ వాడేవాళ్లు దీన్ని ఔట్‌లైన్ అంటారు, కోరెల్‌డ్రా వాడేవాళ్లు కర్వ్స్ అంటారు. మన ప్రెస్సుల్లో ఎక్కువగా వినిపించే మాట 'కర్వ్స్ చేసి పంపండి' అనేదే. ఆ మాట అన్ని పనులకూ సరిపోదు. పుస్తకానికి ఒక పద్ధతి, అట్టకు ఒక పద్ధతి. ఎప్పుడు ఏది చేయాలో తెలియాలంటే ముందు పీడీఎఫ్ లోపల అక్షరం ఏ రూపంలో ఉంటుందో తెలుసుకోవాలి.

పీడీఎఫ్ లోపల అక్షరం

మనం టైపు చేసిన 'స్త్రీ' అనే మాట కంప్యూటర్ జ్ఞాపకంలో స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, దీర్ఘ ఈకారం అనే ఆరు సంకేతాలుగా ఉంటుంది. ఇవన్నీ యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 0C00 నుంచి 0C7F వరకు ఉన్న గళ్లలోనివి. ఈ ఆరింటినీ కలిపి తెర మీద ఒకే అక్షరంగా చూపించాలంటే ఏ వత్తు ఎక్కడికి దిగాలి, గుడి ఎక్కడ కూర్చోవాలి అని లెక్క కట్టాలి. ఆ నియమాలు ఫాంటులో రాసి ఉంటాయి. కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్ వాటిని చదివి అమలు చేస్తుంది.

పీడీఎఫ్ తయారయ్యేనాటికి ఈ పని పూర్తయిపోయి ఉంటుంది. పీడీఎఫ్‌లో అచ్చుకు పనికొచ్చే సమాచారం 'స్త్రీ అనే మాట' కాదు. 'ఫలానా ఫాంటులో ఫలానా నంబరు ఆకారాన్ని ఈ చోట పెట్టు, దాని కింద ఇంకో నంబరు ఆకారాన్ని ఆ చోట పెట్టు' అన్న ఆదేశాలే ఉంటాయి. ఆ నంబర్లకు ఆ ఫాంటుకు బయట అర్థం లేదు. మండలి ఫాంటులో ఒక నంబరుకు ఉన్న ఆకారం వేరు, గౌతమిలో అదే నంబరుకు ఉన్న ఆకారం వేరు. ఒకే ఫాంటు పాత వెర్షన్, కొత్త వెర్షన్ మధ్య కూడా నంబర్లు మారవచ్చు.

ఫాంటును పొదగకుండా పీడీఎఫ్ పంపితే అవతలి కంప్యూటర్ దగ్గర నంబర్లు మాత్రమే ఉంటాయి, ఆకారాలు ఉండవు. అది తన దగ్గరున్న ఏదో ఒక ఫాంటును తీసుకుని ఆ చోటు నింపుతుంది. ఇంగ్లీషుకు ఇలా జరిగితే అక్షరాల తీరు, ఎడం కాస్త మారతాయి గానీ మాట చదవగలం. తెలుగుకు జరిగితే మాటే మిగలదు. డబ్బాలో, పొంతన లేని ముక్కలో కనిపిస్తాయి.

అను లాంటి పాత తరం ఫాంట్ల సంగతి ఇంకొంచెం వేరు. యూనికోడ్ మన డీటీపీలోకి రాకముందు తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే కూర్చి ఈ ఫాంట్లు తయారుచేశారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లీషు మ్యాటరే. ఫాంటు తోడున్నంత వరకు తెలుగులా కనబడుతుంది. ఫాంటు తప్పిపోయిన మరుక్షణం కింద దాగి ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు పైకి తేలతాయి. పెళ్లి కార్డులో డాలర్ గుర్తులు వచ్చేది ఇందువల్లే. తెలుగు ప్రచురణల్లో ఈ ఫాంట్ల వాడకం ఇప్పటికీ ఎక్కువే కాబట్టి ఈ ప్రమాదం నేటికీ ఉంది.

పొదగడం అంటే ఏం జరుగుతుంది

ఫాంటును ఎంబెడ్ చేసినప్పుడు ఆ ఆకారాలన్నీ పీడీఎఫ్ లోపలికి వచ్చి చేరతాయి. మొత్తం ఫాంటు రానక్కర్లేదు. పుస్తకంలో నిజంగా వాడిన ఆకారాలు మాత్రమే వస్తే చాలు, దాన్ని సబ్‌సెట్ అంటారు. తెలుగు ఫాంటులో గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు కలిపి వందల ఆకారాలుంటాయి, వాటిలో మన పుస్తకానికి పనికొచ్చినవే లోపలికి చేరతాయి. ఇలా చేరిన ఫాంటు పేరుకు ముందు ఆరు పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, ఒక కూడిక గుర్తు కనిపిస్తాయి. ఆ ఆరు అక్షరాలకు అర్థమేమీ లేదు. ఒకే ఫాంటు నుంచి వచ్చిన రెండు సబ్‌సెట్‌లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా వేసే గుర్తు అది.

ఔట్‌లైన్ చేసినప్పుడు ఫాంటు అన్నదే మిగలదు. ప్రతి అక్షరం చుట్టూ ఉన్న గీత ఒక బొమ్మగా పేజీ మీద పడుతుంది. తేడా ఇలా ఊహించుకోవచ్చు. ఎంబెడ్ చేయడమంటే ఒక్కో అక్షరానికి ఒక్కో రబ్బరు స్టాంపు తయారుచేసి, కావలసినన్ని సార్లు అద్దడం. ఔట్‌లైన్ చేయడమంటే స్టాంపు లేకుండా ప్రతిసారీ ఆ అక్షరాన్ని చేత్తో మళ్లీ గీయడం.

లెక్కేసి చూస్తే ఈ తేడా ఎంతో తెలుస్తుంది. పేజీకి 25 పంక్తులు, పంక్తికి సుమారు 40 ఆకారాలు అనుకుంటే పేజీకి వెయ్యి. రెండు వందల పేజీల పుస్తకంలో రెండు లక్షల ఆకారాలు. ఎంబెడ్ చేసిన పీడీఎఫ్‌లో ఈ రెండు లక్షలకూ కలిపి కొన్ని వందల గీతలు ఉంటే సరిపోతుంది. ఔట్‌లైన్ చేస్తే రెండు లక్షల గీతలూ విడివిడిగా రాసి ఉండాలి. పైగా తెలుగు అక్షరాలన్నీ వంపులే కాబట్టి ఒక్కో గీతకు బిందువులు ఎక్కువ. ఫైలు బరువెక్కుతుంది, తెరవడానికి ఆలస్యమవుతుంది, ప్లేటు వేసే యంత్రానికి లెక్క పెరుగుతుంది.

మరి ప్రెస్సు వాళ్లు కర్వ్స్ ఎందుకు అడుగుతారు

వాళ్లు అడగడంలో అర్థముంది. చాలాకాలం పాటు మన దగ్గర ప్రెస్సుకు వెళ్లింది పీడీఎఫ్ కాదు, కోరెల్‌డ్రా ఫైలో పేజ్‌మేకర్ ఫైలో నేరుగా వెళ్లేది. అలాంటి ఫైలు తెరవాలంటే అందులో వాడిన ప్రతి ఫాంటూ ప్రెస్సు కంప్యూటర్‌లో ఉండాలి. ఒక్కటి లేకున్నా మ్యాటర్ చెదిరిపోతుంది, ఒకే పేరున్న వేరే వెర్షన్ ఉన్నా చెదిరిపోతుంది. ఇలా ఎన్నోసార్లు దెబ్బతిన్న తర్వాత పుట్టిన జాగ్రత్తే కర్వ్స్. కోరెల్ ఫైలునే పంపాల్సి వస్తే ఆ జాగ్రత్త ఇప్పటికీ అవసరమే. మ్యాటర్ మొత్తం సెలెక్ట్ చేసి Ctrl+Q నొక్కితే కర్వ్స్ అవుతుంది.

కానీ పంపేది పీడీఎఫ్ అయినప్పుడు పరిస్థితి మారిపోతుంది. అచ్చు రంగం కోసమే పీడీఎఫ్/ఎక్స్ అనే ప్రమాణాలు తయారయ్యాయి. వీటిలో పీడీఎఫ్/ఎక్స్-1ఎ 2001లో వచ్చింది, పారదర్శకత ఉన్న డిజైన్లను యథాతథంగా అనుమతించే పీడీఎఫ్/ఎక్స్-4 తరువాత వచ్చింది. రెండింటిలోనూ ఒక నియమం తప్పనిసరి. పేజీ మీద కనిపించే ప్రతి ఫాంటూ ఫైలు లోపల పొదిగి ఉండాలి. లేకుంటే ఆ ఫైలు పీడీఎఫ్/ఎక్స్ అనిపించుకోదు. కర్వ్స్ అడిగే ప్రెస్సుకు 'అన్ని ఫాంట్లూ ఎంబెడ్ అయిన పీడీఎఫ్/ఎక్స్-4 పంపుతున్నాం, సరిపోతుందా?' అని ముందే ఫోన్ చేసి అడిగితే చాలాచోట్ల సరేనంటారు.

కర్వ్స్ వల్ల పోయేవి

ఔట్‌లైన్ చేసిన అక్షరం చూడటానికి అలాగే ఉన్నా, అచ్చులో అంతే ఉంటుందన్న హామీ లేదు. దీనికి కారణం యంత్రం అక్షరాన్ని ఒకలా, బొమ్మను ఒకలా చుక్కలుగా మార్చడం. బొమ్మ గీత ఒక చుక్క గడిని కాస్త తాకినా ఆ గడి మొత్తం నల్లబడాలన్నది పీడీఎఫ్ నియమం. అక్షరంగా ఉన్నప్పుడు యంత్రం అంత ఉదారంగా నల్లబరచదు, సన్నని గీతలు సన్నగానే ఉండేలా చూసుకుంటుంది. కాబట్టి కర్వ్స్ చేసిన మ్యాటర్ అంచుల్లో ఒక చుక్క మేర లావెక్కవచ్చు.

ఆఫ్‌సెట్ ప్లేటు వేసే యంత్రం అంగుళానికి సుమారు 2400 చుక్కలు వేస్తుంది. అక్కడ ఒక చుక్క అంటే మిల్లీమీటరులో దాదాపు వందో వంతు, కంటికి ఆనదు. అదే 600 చుక్కల లేజర్ ప్రింటర్ మీదైతే ఒక చుక్క 0.04 మిల్లీమీటర్లు. ఎనిమిది పాయింట్ల అధోజ్ఞాపికలో ఇది తెలిసిపోతుంది. ఖ, ఘ, ఝ లోపలి చిన్న ఖాళీలు పూడుకుపోతాయి. ద, ధ మధ్య తేడా చెప్పే చిన్న గీత పక్క గీతలో కలిసిపోయినట్టుంటుంది. కొద్ది కాపీలు డిజిటల్‌గా అచ్చు వేయించుకునేవాళ్లు లోపలి పేజీలను కర్వ్స్ చేయకపోవడానికి ఇది బలమైన కారణం.

తెలుగుకు ప్రత్యేకమైన ముప్పు ఇంకొకటుంది. పాత తరం ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు వేరువేరు ముక్కలుగా ఉండి, అసలు అక్షరం మీద కొంచెం ఎక్కినట్టుగా కూర్చుంటాయి. నలుపు మీద నలుపు కాబట్టి ఆ అతుకు కనపడదు. కర్వ్స్ చేసి ఆ ముక్కలన్నింటినీ కలిపి ఒకే ఆకారంగా మార్చినప్పుడు, కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డ చోటును ఖాళీగా లెక్కిస్తాయి. అప్పుడు తలకట్టు, అక్షరం కలిసే చోట సన్నని తెల్ల మచ్చ మిగులుతుంది. శాతం పెంచకుండా చూస్తే ఇది దొరకదు. కర్వ్స్ చేసిన తర్వాత 'క', 'ర్క', 'త్తు' లాంటివి కొన్నింటిని 800 శాతానికి పెంచి అతుకుల దగ్గర చూడాలి. మచ్చ కనిపిస్తే ముక్కలను మళ్లీ విడదీసి, కలిపే పద్ధతిని 'కంబైన్' నుంచి 'వెల్డ్'కు మార్చాలి. వెల్డ్ చేస్తే రెండు ముక్కల బయటి గీత మాత్రమే మిగులుతుంది, మధ్యలో ఖాళీ పడదు.

ఇన్‌డిజైన్‌లో మ్యాటర్ సెలెక్ట్ చేసి Create Outlines కొడితే అక్షరాలు మారతాయి గానీ అక్షరాలు కానివి కొన్ని రాలిపోతాయి. కింద గీసిన గీతలు, పేరా మీద గీసిన అడ్డగీతలు, ఆటోమేటిక్‌గా వచ్చిన వరుస సంఖ్యలు చాలా వెర్షన్లలో మాయమవుతాయి. వంటకాల పుస్తకంలో పదార్థాల ముందున్న సంఖ్యలన్నీ పోతే ఎవరికీ వెంటనే తట్టదు. అందుకే అసలు ఫైలులో కర్వ్స్ చేయడం కంటే, పీడీఎఫ్ తయారైన తర్వాత దాని కాపీలో చేయడం మేలు. అక్రోబాట్ ప్రోలో Preflight లోపల Convert fonts to outlines అనే సవరణ ఉంది. అప్పటికి గీతలు, సంఖ్యలు పేజీ మీద స్థిరపడి ఉంటాయి కాబట్టి పోవు.

చివరిది, అన్నింటికన్నా మామూలుగా జరిగేది. కర్వ్స్ చేసిన మ్యాటర్‌లో అక్షరదోషం దిద్దలేం. ప్రూఫులో 'కృతజ్ఞతలు' తప్పుందని తేలితే మాట మార్చడానికి అక్కడ మాట లేదు, గీతలే ఉన్నాయి. అసలు ఫైలు మీదే సేవ్ చేసి ఉంటే మళ్లీ కంపోజ్ చేయడం తప్ప దారి లేదు.

ఒక సావనీర్ పని

ఇదంతా ఒక పనిలో పెట్టి చూద్దాం. ఒక ఊరి గ్రంథాలయం వందేళ్ల వేడుకకు 120 పేజీల సావనీర్ వేస్తున్నారనుకుందాం. వ్యాసాలు మండలి ఫాంటులో, శీర్షికలు నోటో సెరిఫ్ తెలుగులో, అట్ట మీద పేరు రామభద్ర ఫాంటులో. ఈ మూడూ స్వేచ్ఛా లైసెన్సు మీద దొరికే యూనికోడ్ ఫాంట్లు, పత్రంలో పొదగడానికి ఆ లైసెన్సు బాహాటంగా అనుమతిస్తుంది. చివర పదహారు పేజీల ప్రకటనలు. అవి ఎవరికి వాళ్లు డిజైన్ చేయించుకుని పీడీఎఫ్‌లుగా పంపారు.

లోపలి పేజీలు ఇన్‌డిజైన్‌లో ఉన్నాయి. ఎగుమతికి ముందు చూసుకోవాల్సింది పేరా కూర్పు. పేరా ప్యానెల్ మెనూలో Adobe World-Ready Paragraph Composer ఎంచుకుని ఉండాలి. మామూలు కంపోజర్‌లో ఉంటే తెలుగు వత్తులు కిందికి దిగకుండా హల్లు గుర్తుతో పక్కపక్కనే నిలబడతాయి. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఎంబెడ్ చేసినా, ఔట్‌లైన్ చేసినా అప్పటికి తెర మీద ఉన్న రూపమే స్థిరపడుతుంది. 'విద్య' అనే మాటలో యవత్తు విడిపోయి ఉంటే ఆ విడిపోయిన రూపమే ప్లేటు దాకా వెళుతుంది. ఈ రెండు పద్ధతులూ అక్షరాన్ని కాపాడతాయే గానీ దిద్దవు.

ఆ తర్వాత File మెనూలో Export, అందులో Adobe PDF (Print), పైన ప్రీసెట్ [PDF/X-4:2008]. Advanced విభాగంలో సబ్‌సెట్ శాతం 100 అని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయాలి. వాడిన ఆకారాలే లోపలికి వెళ్లాలన్నది దాని అర్థం. లోపలి పేజీలకు ఇంతే, కర్వ్స్ అక్కర్లేదు.

అట్ట సంగతి వేరు. రామభద్రలో పెట్టిన పేరును డిజైనర్ కొంచెం సాగదీశారు, దీర్ఘాన్ని పొడిగించి పుస్తకం బొమ్మకు కలిపారు. ఇది ఇక చదివే మ్యాటర్ కాదు, ఒక బొమ్మ. పెద్ద అక్షరాలు కాబట్టి చుక్క లావు సమస్య లేదు, నాలుగు మాటలే కాబట్టి ఫైలు బరువూ పెరగదు. ఇల్లస్ట్రేటర్‌లో Ctrl+Shift+O నొక్కి దీన్ని ఔట్‌లైన్ చేయడమే సరైన పని. మార్చే ముందు టెక్స్ట్ ఉన్న ఫైలును వేరే పేరుతో భద్రపరచాలి. అట్ట వెనక ఉన్న పదకొండు పాయింట్ల పరిచయ వాక్యాలను మాత్రం టెక్స్ట్‌గానే ఉంచి ఎంబెడ్ చేయాలి. ఒకే అట్ట మీద రెండు పద్ధతులూ ఉండవచ్చు.

ఇక తయారైన పీడీఎఫ్‌ను పరీక్షించాలి. మామూలు అక్రోబాట్ రీడర్‌లో ఫైలు తెరిచి Ctrl+D నొక్కితే Properties వస్తుంది. అందులో Fonts అనే భాగంలో ఫైలులోని ఫాంట్లన్నీ వరుసగా కనిపిస్తాయి. ప్రతి పేరు పక్కన Embedded Subset అనో Embedded అనో ఉండాలి. అలా లేకుండా ఫాంటు పేరు కింద Actual Font అంటూ మరో పేరు కనిపిస్తే, అసలు ఫాంటు లేక రీడర్ ఇంకొకదాన్ని అరువు తెచ్చుకుందని అర్థం. పెద్ద ఫైలులో అన్ని పేజీలూ తిరగేస్తే గానీ జాబితా పూర్తి కాకపోవచ్చు. pdffonts అనే ఉచిత కమాండు ఫైలు మొత్తాన్ని ఒకేసారి చదివి జాబితా ఇస్తుంది. మన సావనీర్‌కు అది ఇచ్చిన జాబితాలో పనికొచ్చే నిలువు వరుసలు మాత్రం ఉంచితే ఇలా ఉంటుంది:

```
pdffonts savanir.pdf

name                          type          emb  sub
KXQMTB+Mandali-Regular        CID TrueType  yes  yes
PLDWFA+NotoSerifTelugu-Bold   CID TrueType  yes  yes
Gautami                       CID TrueType  no   no
```

రామభద్ర ఈ జాబితాలో లేదు, ఉండకూడదు కూడా. అది అట్ట ఫైలులో ఉంది, అక్కడా ఔట్‌లైన్ అయిపోయింది. మండలికి, నోటోకు emb కింద yes ఉంది. మూడో పంక్తి దగ్గర ఆగాలి. మనం గౌతమి వాడనే లేదు. అది ఏదో ఒక ప్రకటనలోంచి వచ్చింది. ప్రకటన పీడీఎఫ్‌ను పేజీలో పెట్టినప్పుడు అందులో లేని ఫాంటును ఇన్‌డిజైన్ కొత్తగా పొదగదు, ఉన్న లోపాన్ని ఉన్నట్టే మోసుకొస్తుంది. మన కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు గౌతమి ఉంది కాబట్టి తెర మీద ఆ ప్రకటన బాగానే కనిపించి మోసం చేసింది. ప్రెస్సు కంప్యూటర్‌లో గౌతమి లేకపోతే ఆ పేజీ డబ్బాలతో అచ్చవుతుంది.

ఏ పేజీలో ఉందో తెలుసుకోవడానికి పేజీల సంఖ్యలు ఇచ్చి వెతకవచ్చు. ప్రకటనలు 105వ పేజీ నుంచి మొదలవుతాయి కాబట్టి అక్కడి నుంచి ఎనిమిదేసి పేజీలు చూస్తే త్వరగా దొరుకుతుంది:

```
pdffonts -f 105 -l 112 savanir.pdf
```

దొరికాక సరైన పరిష్కారం ప్రకటన ఇచ్చినవాళ్ల డిజైనర్‌కు ఫోన్ చేసి, ఫాంటు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ మళ్లీ తెప్పించుకోవడం. వాళ్లు దొరక్కపోతే, మన దగ్గర గౌతమి ఉంది కాబట్టి అక్రోబాట్ ప్రో ప్రీఫ్లైట్‌తో ఆ ఒక్క పేజీలో ఫాంటును పొదగడానికి ప్రయత్నించవచ్చు. ఆ తర్వాత ప్రకటనలోని మాటలన్నీ ప్రకటనదారుకు చూపించి, సరిగా ఉన్నాయని చెప్పించుకోవాలి. మన కంప్యూటర్‌లోని గౌతమి, వాళ్లు వాడిన గౌతమి ఒకే వెర్షన్ అని నమ్మకం లేదు కదా.

కర్వ్స్ తప్పనిసరి అయ్యే సందర్భాలు

కొన్ని ఫాంట్లు ఎంబెడ్ కావు. ఫాంటు తయారుచేసినవాళ్లు దాన్ని పత్రాల్లో పొదగడానికి అనుమతి ఉందో లేదో ఆ ఫైలులోనే ఒక అంకెగా రాసి ఉంచుతారు. ఆ చోటు పేరు fsType. అక్కడ 0 ఉంటే ఆటంకం లేదు. 4 ఉంటే చూడటానికి, అచ్చుకు మాత్రం పొదగవచ్చు, అది మన పనికి చాలు. 2 ఉంటే అనుమతి లేనట్టు. మంచి సాఫ్ట్‌వేర్లు ఈ అంకెను గౌరవించి, ఎగుమతి చేసేటప్పుడే ఈ ఫాంటు పొదగడం కుదరదని హెచ్చరిక చూపిస్తాయి. పాత తెలుగు ఫాంట్లలో కొన్నింటికి ఆ అంకె తయారీదారు ఉద్దేశంతో పొంతన లేకుండా ఉండిపోవడం కూడా జరుగుతుంది. అప్పుడు లైసెన్సు పత్రం చదవాలి. శీర్షికలను బొమ్మగా వాడుకోవచ్చని అందులో ఉంటే ఔట్‌లైన్ చేసి పంపవచ్చు. వీలుంటే అనుమతి స్పష్టంగా ఉన్న మరో ఫాంటుకు మారడమే ఉత్తమం.

ప్రెస్సువాళ్ల యంత్రం పాతదై, ఎంబెడ్ అయిన ఫాంటును కూడా సరిగా చదవలేకపోవడం ఇంకో సందర్భం. ప్రూఫు షీటు మీద ఒక ఫాంటు మాత్రమే ప్రతిసారీ చెడుతుంటే, మిగతావి బాగుంటే అనుమానం ఫాంటు మీద పెట్టాలి. అప్పుడు చివరి పీడీఎఫ్ కాపీని ఔట్‌లైన్ చేసి పంపవచ్చు. అక్రోబాట్ ప్రో లేనివాళ్లకు ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేసి పెడుతుంది:

```
gs -o kotta.pdf -sDEVICE=pdfwrite -dNoOutputFonts paata.pdf
```

ఇది ఫైలును మొదటి నుంచీ తిరగరాస్తుంది కాబట్టి ఫోటోల నాణ్యత మారవచ్చు, పీడీఎఫ్/ఎక్స్ ముద్ర పోతుంది. మ్యాటర్ మాత్రమే ఉన్న పేజీలకు వాడుకోవచ్చు గానీ ఫోటోల పేజీలకు ప్రూఫు చూడకుండా వాడకూడదు. పూర్తయిన ఫైలు మీద మళ్లీ pdffonts నడిపితే జాబితా ఖాళీగా రావాలి. ఒక్క పేరు కనిపించినా ఎక్కడో మ్యాటర్ ఇంకా టెక్స్ట్‌గానే మిగిలి ఉందన్నమాట.

ప్రూఫు చదివే పద్ధతి

ఫాంట్ల జాబితా సరిగ్గా ఉందంటే ఆకారాలు ఫైలులో ఉన్నాయన్న సంగతి మాత్రమే తేలుతుంది. అవి ఉండాల్సిన ఆకారాలేనా అన్నది కంటితో చూస్తేనే తేలుతుంది. పీడీఎఫ్‌లోంచి తెలుగు వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అక్షరాలు తారుమారుగా రావడం చాలామందిని భయపెడుతుంది. దానికీ అచ్చుకూ సంబంధం లేదు. కాపీ చేయడానికి పనికొచ్చే పట్టిక వేరు, అచ్చుకు పనికొచ్చే ఆకారాలు వేరు. తెర మీద సరిగా ఉండి, ఫాంటు ఎంబెడ్ అయి ఉంటే అచ్చులో కూడా సరిగానే పడుతుంది.

పరీక్షకు మేలైన పద్ధతి ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పీడీఎఫ్ తెరవడం. అన్నదమ్ముల ల్యాప్‌టాప్‌లోనో, ఫోన్‌లోనో తెరిచి చూసినా ఫర్వాలేదు. సొంత కంప్యూటర్‌లో అన్ని ఫాంట్లూ ఉంటాయి కాబట్టి అది లోపాన్ని కప్పిపుచ్చుతుంది. తెరిచాక చదవాల్సింది మామూలు వాక్యాలను కాదు. 'స్వాతంత్ర్యం', 'లక్ష్మి', 'జ్ఞానం', 'కర్తృత్వం' లాంటి సంయుక్తాలున్న మాటలను, పేజీ నంబర్లను, రూపాయి గుర్తును, శీర్షిక పక్కన వేసిన అలంకారపు పువ్వులను చూడాలి. పువ్వులు చాలాసార్లు వేరే ఫాంటులోంచి వస్తాయి, తప్పిపోయేది ముందుగా అవే.

సావనీర్ ప్రెస్సుకు వెళ్లిన తర్వాత దాని అవసరం తీరిపోదు. రెండేళ్లకు ఎవరో ఆ వ్యాసాలను పుస్తకంగా వేద్దామంటారు. అప్పుడు ఔట్‌లైన్ చేసిన పీడీఎఫ్ ఒక్కటే మిగిలి ఉంటే ఒక్క అక్షరం దిద్దడానికైనా మళ్లీ టైపు చేయించాలి. అందుకని ఒక ఫోల్డరులో నాలుగు ఉంచాలి: ఇన్‌డిజైన్ అసలు ఫైలు, అందులో వాడిన ఫాంట్ల ఫైళ్లు, ఫాంట్లు ఎంబెడ్ అయిన పీడీఎఫ్, అట్ట పేరు ఔట్‌లైన్ చేయక ముందున్న ఫైలు. ఇన్‌డిజైన్‌లో File మెనూ కింద ఉన్న Package మొదటి రెండింటినీ తానే ఒకచోట చేర్చి పెడుతుంది. లైసెన్సు ప్రకారం ఫాంట్లను ఇతరులకు ఇవ్వకూడదంటే వాటి పేరు, వెర్షన్ ఒక కాగితం మీద రాసి అదే ఫోల్డరులో ఉంచినా సరిపోతుంది. ప్రెస్సుకు వెళ్లేది ఒక్క పీడీఎఫ్ కావచ్చు, ప్రచురించినవాళ్ల దగ్గర ఉండాల్సింది మాత్రం ఈ మొత్తం ఫోల్డరు.